మంచాన ఉన్న అమ్మకు నెల ఖర్చు ఎంత?

మంచం పట్టిన తల్లికో తండ్రికో ఇంట్లోనే సేవ చేయించాలంటే నెలకు ఎంతవుతుందని అడిగితే, ఎవరైనా ముందు చెప్పేది అటెండెంట్ జీతం. ఏజెన్సీకి ఫోన్ చేస్తే తెలిసేదీ అదే. కుటుంబం ఆ అంకె పక్కన మందులు, డైపర్లు అని ఉజ్జాయింపుగా ఒక ఐదారు వేలు వేసుకుని లెక్క అయిందనుకుంటుంది. రెండో నెల గడిచేసరికి ఆ లెక్కకూ బ్యాంకు ఖాతాలో మిగిలినదానికీ పొంతన ఉండదు. అటెండెంట్ జీతం మొత్తం ఖర్చులో దాదాపు సగం మాత్రమే. మిగతా సగం చిన్న చిన్న మొత్తాలుగా, వేరు వేరు దుకాణాల్లో, వేరు వేరు చేతుల మీదుగా పోతుంది కాబట్టి కంటికి కనబడదు.

అందుకే ఈ లెక్కను ధరల పట్టికతో కాకుండా రోగి ఒక రోజుతో మొదలుపెట్టాలి. పొద్దున ఆరు నుంచి మర్నాడు పొద్దున ఆరు దాకా ఏ గంటకు ఏం చేయాలో, ఎవరు చేస్తారో, అందుకు ఏ వస్తువు ఎన్ని వాడతారో రాసుకుంటే ఖర్చు దానంతట అదే బయటపడుతుంది. మంచం పక్కన ఒక వంద పేజీల నోట్‌బుక్ పెట్టి, వారం రోజులు డైపర్ మార్చిన ప్రతిసారీ, పక్కకు తిప్పిన ప్రతిసారీ టైమ్ వేసి రాస్తే చాలు. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన మొదటి వారం గందరగోళంగా ఉంటుంది కనుక రెండో వారం లెక్కే నమ్మదగినది.

ఇక్కడ ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ కూకట్‌పల్లిలో రెండు పడకగదుల ఫ్లాట్. తల్లికి 78 ఏళ్లు, బరువు 62 కిలోలు. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది. మెత్తగా కలిపిన అన్నం, జావ నోటితోనే తింటుంది. మల మూత్రాలకు డైపరే. బీపీ, షుగర్ ఉన్నాయి. కొడుకు, కోడలు ఇద్దరూ ఉద్యోగస్తులు. కింద వేసే ధరలు లెక్క కట్టే తీరు చూపడానికి అనుకున్నవి. ఊరిని బట్టి, పేటను బట్టి అవి మారతాయి. ఎవరి ఊరి ధర వారు వేసుకోవచ్చు, వరస మాత్రం మారదు.

మనిషి ఖర్చు

మొదట తేల్చుకోవలసింది కావలసింది నర్సా, అటెండెంటా అన్నది. స్నానం, డైపర్, తినిపించడం, పక్కకు తిప్పడం, కుర్చీలోకి దించడం అటెండెంట్ పనులు. ఏజెన్సీలు వీరిని జీడీఏ అనీ కేర్‌టేకర్ అనీ అంటాయి, ఇళ్లలో ఆయా అనే మాట ఇంకా పోలేదు. ఇంజెక్షన్ చేయడం, యూరిన్ పైపు వేయడం, ముక్కు గొట్టం మార్చడం, లోతైన పుండుకు కట్టు కట్టడం మాత్రం ఏఎన్ఎం గానీ జీఎన్ఎం గానీ చదివి, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరైన వారు చేయవలసినవి. పూర్తికాలం నర్సుకు అటెండెంట్‌కు ఇచ్చేదానికంటే చాలా ఎక్కువ పడుతుంది. గొట్టాలేవీ లేని రోగికి రోజంతా నర్సును పెట్టడం దండగ. అటెండెంట్‌ను పెట్టుకుని, నర్సును వారానికో రెండు వారాలకో ఒకసారి పిలిపించుకోవడం సబబు.

తరవాతి ప్రశ్న ఎన్ని గంటలు అన్నది. పన్నెండు గంటల అటెండెంట్‌కు రోజుకు 800 రూపాయలు, ఇంట్లోనే ఉండే ఇరవై నాలుగు గంటల మనిషికి 1,100 అనుకుందాం. వినగానే రెండోది చాలా లాభమనిపిస్తుంది. కానీ ఇరవై నాలుగు గంటల మనిషి అంటే ఇరవై నాలుగు గంటలూ మేలుకుని ఉండే మనిషి కాదు. ఆమెకూ ఏడెనిమిది గంటల నిద్ర, మధ్యాహ్నం కాసేపు విరామం కావాలి. మంచాన ఉన్నవారిని సాధారణంగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. గాలి పరుపు ఉండి, చర్మం బాగుంటే వైద్యుడి సలహా మీద రాత్రిపూట ఆ ఎడం మూడు, నాలుగు గంటలకు పెంచుకోవచ్చు. ఎలా చూసినా రాత్రి పది నుంచి పొద్దున ఆరు లోపల రెండు మూడు సార్లు ఎవరో ఒకరు లేవాలి. ఆ భారమంతా ఒక్క అటెండెంట్ మీదే వేస్తే రెండు మూడు వారాలకు ఆమె మానేస్తుంది, లేదా తిప్పకుండానే తిప్పానంటుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం. నోట్‌బుక్‌లో పన్నెండు, రెండు, నాలుగు అని ఒకే కలంతో, ఒకే చేతిరాతతో, ఒకే తొందరలో రాసి ఉంటే ఆ రాత్రి ఏం జరిగిందో ఊహించుకోవచ్చు.

ఈ ఉదాహరణలో కుటుంబం ఇరవై నాలుగు గంటల మనిషినే పెట్టుకుంది. రాత్రి పన్నెండింటికి కొడుకు పడుకోబోయే ముందు తిప్పుతాడు, మూడింటికి అటెండెంట్, ఆరింటికి కోడలు. ఈ ఏర్పాటు గుర్తుండాలి, లెక్క చివర మళ్లీ పనికొస్తుంది.

ఏజెన్సీ రోజు లెక్కన తీసుకుంటుంది కాబట్టి ముప్పైతో హెచ్చిస్తే సరిపోదు. ఏడాదికి 365 రోజులను పన్నెండుతో భాగిస్తే నెలకు సగటున 30.4 రోజులు. ఆ లెక్కన 1,100 చొప్పున నెలకు సుమారు 33,450. ఆమె టిఫిన్, రెండు పూటల భోజనం, టీలకు రోజుకు 120 అనుకుంటే మరో 3,600. ఏజెన్సీ ఏడాదికోసారి తీసుకునే రిజిస్ట్రేషన్ రుసుము 3,000ను నెలలకు పంచితే 250. వెరసి 37,300.

ఏజెన్సీతో కాగితం మీద సంతకం చేసేముందు తేల్చుకోవలసిన సంగతులు కొన్ని నేరుగా ఖర్చుకు సంబంధించినవే. అటెండెంట్ సెలవు పెడితే మారుమనిషి ఎన్ని గంటల్లో వస్తుంది, అదే ధరకేనా? రోగి ఆస్పత్రిలో చేరితే ఆ రోజులకు డబ్బు కట్టాలా? నెల మధ్యలో ఆపేస్తే అడ్వాన్సులో ఎంత తిరిగిస్తారు? సంక్రాంతికి ఏం చేస్తారన్నది విడిగా అడగాలి. నగరాల్లో పనిచేసే అటెండెంట్లలో ఎంతోమంది దూరపు జిల్లాల నుంచి వచ్చినవారే. పండగ వారంలో ఏజెన్సీ దగ్గరా మనుషులుండరు. ఆ వారం కొడుకో కోడలో సెలవు పెట్టక తప్పదు, లేదా దొరికిన మనిషికి అడిగినంత ఇవ్వాలి.

తెనాలి, సిద్దిపేట వంటి ఊళ్లలో ఏజెన్సీ లేకుండా, తెలిసినవారి ద్వారా పేటలోనే ఉండే ఆవిడను నెల జీతానికి కుదుర్చుకోవడం మామూలు. మధ్యలో కమీషన్ ఉండదు కనుక ఖర్చు బాగా తగ్గుతుంది. బదులుగా మారుమనిషి ఉండదు. అందుచేత అలాంటిచోట జీతం పక్కనే నెలకు మూడు నాలుగు రోజుల కూలి విడిగా పెట్టుకోవాలి. పిల్లల ఫీజుకో పెళ్లికో ఆమె అడిగే చేబదులు కూడా ఈ లెక్కలోదే. అది ఖర్చు కాదు, జీతంలో విరుచుకునేదే. కానీ ఆ నెల చేతిలోంచి పోయేది నగదే.

వస్తువులు: ధర కాదు, సంఖ్య

డైపర్ల విషయంలో అంచనా తప్పేది ఎక్కువగా సంఖ్య దగ్గరే. రోజుకు మూడు చాలనుకుని మొదలుపెట్టిన ఇల్లు తరచు నాలుగైదు దగ్గర ఆగుతుంది. మన ఉదాహరణలో నోట్‌బుక్ ప్రకారం వారానికి 31 అయ్యాయి. అంటే రోజుకు దాదాపు నాలుగున్నర, నెలకు 135. పది ఉన్న ప్యాకెట్ 380 చొప్పున 14 ప్యాకెట్లకు 5,320 రూపాయలు.

ఏ రకం కొనాలన్నది కూడా ఖర్చును మారుస్తుంది. దుకాణంలో ముందు వరసలో కనబడేవి ప్యాంటులా తొడిగేవి. లేచి తిరిగేవారికి అవి బాగుంటాయి. మంచాన ఉన్నవారికి అది తొడగాలంటే రెండు కాళ్లూ ఎత్తి, నడుము లేపాలి. పక్కకు తిప్పి కింద పరిచి, రెండు వైపులా స్టిక్కర్లు అంటించే రకమే వీరికి వీలు. సైజు నడుము, తుంటి కొలతను బట్టి ఉంటుంది కాబట్టి టేపు పెట్టి కొలిచి కొనాలి. బరువును బట్టి అందాజాగా పెద్దది కొంటే తొడల దగ్గర సందు ఏర్పడి కారుతుంది. అప్పుడు డైపర్‌తో పాటు దుప్పటి, కింది ప్యాడ్, చీర అన్నీ ఉతుక్కి వెళతాయి. తక్కువ ధర రకం విషయంలోనూ ఇదే లెక్క. 28 రూపాయల డైపర్ రోజుకు ఆరు మార్చవలసి వస్తే 168, 38 రూపాయలది నాలుగున్నరతో సరిపోతే 171. తేడా మూడు రూపాయలు. మార్చే పని మాత్రం ఒకటిన్నర రెట్లు తక్కువ కాకపోయినా చాలా తగ్గుతుంది. రెండు రకాలూ ఒక్కో ప్యాకెట్ తెచ్చి, ఒక్కోటి ఎన్ని గంటలు ఆగిందో రాసి చూడకుండా నెల సరుకు కొనకూడదు.

కింద పరిచే అండర్‌ప్యాడ్లు రోజుకు రెండు, ఒక్కోటి 18 చొప్పున నెలకు 1,100 రూపాయలు. గ్లౌజుల పెట్టె మీద 100 అని ఉంటుంది. అవి జతలు కావు, విడివి. అంటే యాభైసార్లకే వస్తాయి. డైపర్ మార్చడానికి, ఒళ్లు తుడవడానికి కలిపి రోజుకు ఆరు జతలు వాడితే నెలకు దాదాపు నాలుగు పెట్టెలు, 350 చొప్పున 1,400. గోరువెచ్చని నీళ్లు, పాత నూలు గుడ్డలే ప్రధానంగా వాడి, తడి వైప్స్ విరేచనం అయినప్పుడు మాత్రమే వాడితే నెలకు ఆరు ప్యాకెట్లు, 600. చర్మానికి రాసే జింక్ క్రీము 300. నోరు శుభ్రం చేసే సరంజామా, కొబ్బరినూనె, చెత్త సంచులు, ఫినాయిల్ వగైరా 700. అన్నీ కలిపి 9,400.

ఇందులో కొనక్కర్లేని వస్తువు ఒకటుంది. పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా రోగి కింద పరిస్తే, ఇద్దరు చెరో అంచు పట్టుకుని ఆమెను పైకి జరపవచ్చు. చంకల్లో చేతులు వేసి లాగితే పక్షవాతం వచ్చిన భుజం కీలు దెబ్బతింటుంది, వీపు చర్మం పరుపుకు రాసుకుని దోక్కుపోతుంది. ఆస్పత్రిలో ఇందుకు విడిగా షీట్ ఉంటుంది. ఇంట్లో ఆ చీరే చాలు.

నర్సు, ఫిజియో, డాక్టరు

గొట్టాలు లేని రోగికి నర్సు రాక వారానికోసారి ఉంటే సరిపోతుంది. వచ్చినప్పుడు ఆమె బీపీ, షుగర్ చూడటంతో సరిపెట్టకుండా ఒంటిని పూర్తిగా తిప్పి చర్మం చూడాలి. పిరుదుల మధ్య ఎముక, తుంటి పక్కలు, మడమలు, భుజపుటెముకలు, తల వెనక భాగం. ఒక్కసారికి 500 చొప్పున నెలకు 2,150. ఫిజియోథెరపీ మొదటి మూడు నెలలు వారానికి మూడుసార్లు ఉంటే, 600 చొప్పున నెలకు 13 సార్లకు 7,800. ఆ మూడు నెలల్లో ఫిజియో చేత అటెండెంట్‌కు నేర్పిస్తే తరవాత వారానికి ఒకసారికి తగ్గించవచ్చు, అప్పుడు అది 2,600 అవుతుంది. రెండు నెలలకోసారి డాక్టరు ఇంటికి వస్తే 1,500, అంటే నెలకు 750. రక్తపరీక్షలకు 800, మందులకు 3,500. మొదటి మూడు నెలలకు ఈ పద్దు 15,000.

మందులు పక్షవాతానికి ముందు కూడా ఉన్నవే కదా అని కొందరు తీసేస్తారు. తీసేస్తే కొత్తగా పెరిగిన భారం తెలుస్తుంది, మొత్తం భారం తెలియదు. అన్నదమ్ములు పంచుకునే లెక్క అయితే మొత్తమే రాయడం మంచిది.

మంచం, పరుపు, కరెంటు

తల వైపు, మోకాళ్ల వైపు విడివిడిగా ఎత్తే రెండు హ్యాండిళ్ల ఆస్పత్రి మంచం కొంటే 22,000, అద్దెకైతే నెలకు 2,500 అనుకుందాం. తొమ్మిది నెలల అద్దెతో మంచమే వస్తుంది. అయినా మొదటి రెండు నెలలు అద్దెకు తీసుకోవడమే తెలివి, ఎందుకంటే మంచం తలుపులోంచి పడుతుందా, గదిలో రెండు వైపులా మనిషి నిలబడే చోటు మిగులుతుందా అన్నవి ఇంట్లోకి వచ్చాకే తెలుస్తాయి. కట్టిన అద్దెను తరవాత కొనుగోలు ధరలో మినహాయిస్తారేమో ముందే అడగాలి. గాలి పరుపు 4,800, ఏడాది పనిచేస్తే నెలకు 400. చక్రాల కుర్చీ 7,200, మూడేళ్లకు పంచితే 200. మంచం అద్దెతో కలిపి 3,100.

గాలి పరుపు పంపు రోజంతా ఆడుతుంది కదా, కరెంటు బిల్లు పేలిపోతుందని భయపడి రాత్రి ఆపేసేవారున్నారు. ఎనిమిది వాట్ల పంపు నెలంతా ఆపకుండా ఆడినా ఆరు యూనిట్లు కూడా కాదు. బిల్లు పెంచేది ఏసీ. రోగి గదిలో వేసవి రాత్రుల ఏసీని ఏడాది మొత్తానికి పంచి నెలకు 1,500, అదనపు ఉతుకుడుకు 500, పాలు, గుడ్లు, పప్పులు, పళ్లు వంటి పోషకాహారానికి 2,500. ఈ పద్దు 4,500.

చివరిది ఆపద్ధర్మ నిధి. మంచాన ఉన్నవారికి మూత్రంలో ఇన్ఫెక్షన్, ఊపిరితిత్తుల్లో నిమ్ము తరచు వస్తాయి. ఏడాదికి ఒకసారి ఆస్పత్రిలో చేర్చవలసి వస్తుందనీ, అంబులెన్సుతో సహా చేతి నుంచి 60,000 పడుతుందనీ అనుకుంటే నెలకు 5,000 పక్కన పెట్టాలి. వాడని ఏడాది అది అలాగే ఉంటుంది.

అటెండెంట్ 37,300, వస్తువులు 9,400, వైద్యం 15,000, సామాను 3,100, ఇంటి ఖర్చు 4,500, నిధి 5,000. మొత్తం 74,300. ఫోన్‌లో ఏజెన్సీ చెప్పిన 33 వేలు ఇందులో సగం కూడా కాదు. ఫిజియో తగ్గిన నాలుగో నెల నుంచి ఇది 69,100కు దిగుతుంది.

లెక్కను తలకిందులు చేసేవి

ఈ అంచనాను ఒక్కసారిగా పెంచేది ఒత్తిడి పుండు, అందరూ బెడ్‌సోర్ అనేది. ఎముక ఉబ్బెత్తుగా ఉన్నచోట చర్మం గంటల తరబడి నలిగి, రక్తం ఆడక చచ్చిపోతే పుండు పడుతుంది. మొదటి గుర్తు ఎరుపు. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా ప్రమాదం లేదు. నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. మన వాళ్ల నల్లని, చామనచాయ ఒంటి మీద ఆ ఎరుపు సరిగా కనబడదు. అక్కడ చర్మం పక్కభాగం కంటే వేడిగానో, గట్టిగానో, మరింత నల్లగానో ఉంటే అదే గుర్తుగా తీసుకోవాలి. ఆ దశలో ఖర్చేమీ లేదు, ఆ వైపు పడుకోబెట్టడం మానితే చాలు. చర్మం తెగి లోపలి కొవ్వు కనబడే దశకు వెళితే నర్సు రోజు విడిచి రోజు వచ్చి కట్టు కట్టాలి. ఒక్కోసారికి కట్టు సామానుతో 1,000 అనుకున్నా నెలకు 15,000. అలాంటి పుండు మానడానికి నెలలు పడుతుంది. 74 వేల ఇల్లు 89 వేలకు చేరుతుంది.

గాలి పరుపు ఉన్నా పుండు పడిందని చాలా ఇళ్లలో ఆశ్చర్యపోతారు. పరుపులో గాలి చాలినంత ఉందా లేదా అన్నది చేత్తో చూసే పద్ధతి ఉంది. రోగి పడుకుని ఉండగా పిరుదుల కింద, గాలి పరుపుకూ దాని కింది మామూలు పరుపుకూ మధ్య అరచేయి వెల్లకిలా దూర్చాలి. చేతికి ఎముక తగులుతుంటే, లేదా చేతికీ ఒంటికీ మధ్య అంగుళం మందం కూడా గాలి లేకపోతే పరుపు ఉన్నా లేనట్టే. పంపు మీద బరువు తిప్పుడు మీట సరిచేయాలి, లేదా గొట్టం నలిగిందేమో చూడాలి. దాని మీద మందపాటి బొంతలు పరిస్తే గాలి గదుల పని సున్నా. మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి రబ్బరు దిండ్లు చుట్టూ రక్తాన్ని ఆపేస్తాయి, అవి కొనక్కర్లేదు.

రెండోది ముక్కు గొట్టం, అంటే రైల్స్ ట్యూబ్. మింగడం కష్టమై గొట్టం వేస్తే గొట్టం ఖరీదు, నర్సు నెలకోసారి మార్చే ఖర్చు పెద్దవి కావు. పెద్దది ఆహారం. రోజుకు 1,500 కెలోరీలు మొత్తం డబ్బా పొడితోనే ఇవ్వాలంటే, వంద గ్రాములకు 430 కెలోరీలున్న పొడి రోజుకు 350 గ్రాములు కావాలి. నెలకు 400 గ్రాముల డబ్బాలు 27. ఒక్కోటి 600 అయితే 16,200 రూపాయలు. డిశ్చార్జి కాగితంలో రోజుకు ఇన్ని చెంచాలు, ఇన్నిసార్లు అని రాసినప్పుడు ఈ లెక్క ఎవరికీ తట్టదు, మొదటి డబ్బా రెండో రోజుకే అడుగంటినప్పుడు తెలుస్తుంది. పాలు, పప్పుకట్టు, జావ, గుడ్డు మెత్తగా రుబ్బి, వడగట్టి సగం పూటలు ఇవ్వవచ్చునేమో డైటీషియన్‌ను అడిగితే ఆ పద్దు సగానికి తగ్గుతుంది. వడగట్టకపోతే గొట్టం మూసుకుపోయి, రాత్రిపూట నర్సును పిలిపించే ఖర్చు వస్తుంది. గొట్టం కడుపులోనే ఉందో లేదో ప్రతిసారీ చూసుకుని, తల వైపు ఎత్తి పెట్టి ఇవ్వాలి, ఇచ్చాక అరగంటైనా దించకూడదు. ఆ జాగ్రత్త తప్పితే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అప్పుడు ఆపద్ధర్మ నిధి ఒక్క దెబ్బకు ఖాళీ.

మూడోది యూరిన్ పైపు. పైపు వేస్తే డైపర్లు రోజుకు రెండుకు తగ్గుతాయి, నెలకు మూడు వేలు మిగులుతాయి. ఆ మిగులు కోసం పైపు వేయించుకోవాలన్న ఆలోచన అటెండెంట్లే చెబుతుంటారు, వారికి పని తగ్గుతుంది కాబట్టి. కానీ పైపు ఉన్నన్నాళ్లు ఇన్ఫెక్షన్ ముప్పు రోజురోజుకూ పెరుగుతుంది. మూత్రం ఆగిపోవడం, పుండు తడవకుండా కాపాడటం వంటి వైద్య కారణం ఉంటేనే డాక్టరు వేస్తారు. వేసినప్పుడు సంచి ఎప్పుడూ ఒంటి కంటే కిందుగా వేలాడాలి, నేలకు మాత్రం తగలకూడదు.

తిరిగి వచ్చేది ఎంత

ఆరోగ్య బీమా ఈ ఖర్చులో దాదాపు దేనికీ రాదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పాలసీలో చేర్చక్కర్లేదని చెప్పిన వస్తువుల జాబితాలో ఏ రకం డైపరైనా, ప్రైవేటు నర్సు ఖర్చైనా ఉన్నాయి. ఇంటి వద్ద చికిత్స అని పాలసీలో కనిపించే మాట, ఆస్పత్రిలో చేయవలసిన చికిత్సను తప్పనిసరై ఇంట్లో చేసిన కొద్దిరోజులకు సంబంధించినది. నెలల తరబడి సేవకు అది వర్తించదు. 70 ఏళ్లు దాటినవారికి ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల దాకా ఉన్న రక్షణ కూడా ఆస్పత్రిలో చేరినప్పటికే. అయితే దాని కార్డు తీసి ఉంచుకుంటే పైన చెప్పిన ఆపద్ధర్మ నిధి మీద భారం తగ్గుతుంది.

ఆదాయపు పన్నులో పాత విధానం ఎంచుకున్నవారికే ఊరట. ఆరోగ్య బీమా లేని వృద్ధ తల్లిదండ్రుల వైద్యఖర్చు నగదుగా కాకుండా చెల్లిస్తే ఏడాదికి 50,000 దాకా మినహాయింపు ఉంది. వారు తమపై ఆధారపడినవారై, వైకల్యం 40 శాతం దాటినట్టు సర్టిఫికెట్ ఉంటే 75,000, 80 శాతం దాటితే 1,25,000 మినహాయించుకోవచ్చు. అసలు ఎంత ఖర్చయిందన్నది దీనికి లెక్కలోకి రాదు. పక్షవాతం వచ్చిన ఇంట్లో ఆ సర్టిఫికెట్ మాట ఎవరికీ గుర్తుండదు.

పేద కుటుంబాలకు ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద ఆసరా ఉంది. ఎన్టీఆర్ భరోసా కింద పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 2024 నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. వైద్య ధ్రువీకరణ కావాలి, కుటుంబ ఆదాయ పరిమితి ఉంటుంది. ఊళ్లో పేటమనిషిని పెట్టుకున్న ఇంటికి ఆ మొత్తం దాదాపు ఆమె జీతానికి సరిపోతుంది. తెలంగాణలో దివ్యాంగుల పింఛను నెలకు 4,016. అది డైపర్ల ఖర్చుకైనా చాలదు. కూకట్‌పల్లి కుటుంబానికి ఆదాయం వల్ల ఇదీ రాదు.

రాత్రి మెలకువ ఏ పద్దులో?

పైన వేసిన 74,300లో ఒక ఖర్చు లేదు. అర్ధరాత్రి కొడుకు, తెల్లవారుజామున కోడలు చేసే పని. దానికి బజారు ధర కట్టడం కష్టమేమీ కాదు. వారిద్దరూ లేకపోతే పన్నెండు గంటల అటెండెంట్లను ఇద్దరిని పెట్టాలి. రోజుకు 1,600 చొప్పున నెలకు 48,650. ఇప్పుడు ఇస్తున్నది 33,450. తేడా 15,200. తల్లి పక్కన ఉన్నవారు నెలనెలా నోట్లలో కాకుండా నిద్రలో చెల్లిస్తున్నది అంత.

ఈ ఇంటి పెద్దకొడుకు అమెరికాలో డాలస్‌లో ఉంటాడనుకుందాం. ఖర్చు చెరి సగం అనుకుంటే అతడు 37,150 పంపుతాడు, న్యాయంగానే ఉన్నట్టుంటుంది. రాత్రి పద్దు కలిపితే అసలు ఖర్చు 89,500, సగం 44,750. చిన్నవాడి ఇల్లు తన వాటాలో 15,200 ఇప్పటికే కట్టింది కాబట్టి నగదుగా ఇవ్వవలసింది 29,550. ఈ రెండు అంకెలనూ కూడినా అదే 74,300 వస్తుంది. వచ్చే సంక్రాంతికి పెద్దవాడు వచ్చి మూడు వారాలు రాత్రులు తానే లేచి చూసుకుంటే, ఆ రోజులకు రోజుకు 500 చొప్పున 10,500 అతడి పేరున జమ వేసుకోవాలి.